సర్వర్ ‘లేస్తుంది’ అంటే లేచినట్టా?

శుక్రవారం ఉదయం తొమ్మిదింపావుకు ఫోన్ మోగింది. అవతల ఒక బ్రాంచి మేనేజరు గారు. గొంతులో కంగారు లేదు, విసుగు మాత్రం ఉంది.

“మేడమ్, నిన్న సాయంత్రం ఆరూ పద్దెనిమిది తర్వాతి ఎంట్రీలన్నీ మళ్లీ వేయిస్తున్నాను. పదకొండు అయ్యాయి, ఇంకా ముప్పైరెండు ఉన్నాయి. ఏజెంట్ల స్లిప్పుల్లో రెండు దొరకట్లేదు. వాటికేం చేయమంటారు?”

“ఎందుకు వేయిస్తున్నారండీ?” అన్నాను.

“మీవాళ్లే కదా రాత్రి మెయిల్ పెట్టారు!”

నేను పనిచేసే చోట కొన్ని సహకార సంఘాలకు, చిన్న బ్యాంకులకు సాఫ్ట్‌వేర్ నడుపుతాం. మా ఇంజనీర్లు తమలో తాము ఇంగ్లీషులో రాసుకుంటారు. బ్రాంచిలకు వెళ్లేవి మాత్రం తెలుగులో ఉండాలి. ఆ తెలుగు సరిచూడటం నా ఉద్యోగంలో ఒక భాగం. రాత్రి మెయిల్ నన్ను నిద్ర లేపడం ఇష్టంలేక ఇంజనీరు కుర్రాడు నేరుగా పంపేశాడు. ఫోన్ పెట్టేసి ఆ మెయిల్ తెరిచాను.

> విషయం: అర్జెంట్ – సర్వర్ డౌన్
>
> అందరికీ నమస్కారం. 18:18కి డేటాబేస్ ఆగింది. లాగ్స్ వల్ల డిస్కు నిండిపోతుంది. ఇప్పుడు స్పేస్ పెంచాం, డేటాబేస్ లేస్తుంది. అంతకుముందు చేసిన ఎంట్రీలు పోవు, తర్వాతవి మళ్లీ చేయాల్సి వస్తుంది. డే ఎండ్ కూడా ఆగింది, రన్ చేస్తాం. రేపు ఉదయం 10 లోపు అన్నీ పనిచేస్తాయి. ఇంకో గంటలో అప్‌డేట్ ఇస్తాం.

పైపైన చూస్తే ఇందులో తప్పేమీ కనబడదు. వాక్యాలు చిన్నవి, మాటలు తెలిసినవి, ఒక్క అక్షర దోషమైనా లేదు. అయినా దీన్ని చదివి ఒక బ్రాంచివాళ్లు వేసిన ఎంట్రీలే మళ్లీ వేశారు. ఇంకో బ్రాంచివాళ్లు తలుపు మీద “సిస్టమ్ పనిచేయదు, శనివారం రండి” అని కాగితం అంటించారు. ఇద్దరూ తెలివైనవాళ్లే, ఇద్దరూ శ్రద్ధగానే చదివారు. అంటే తప్పు మెయిల్లోనే ఉంది. అది ఎక్కడ దాక్కుందో చూడాలంటే ముందు ఆ రాత్రి ఏం జరిగిందో తెలియాలి.

చిట్టా నిండిపోయిన రాత్రి

పాతకాలపు షావుకారు కొట్లో రెండు పుస్తకాలుండేవి. జరిగింది జరిగినట్టు వరసగా రాసుకునేది చిట్టా. దాన్నుంచి ఖాతాల వారీగా దించుకునేది ఆవర్జా. డేటాబేస్ కూడా అలాగే నడుస్తుంది. ఎవరైనా డబ్బు కడితే ముందు చిట్టాలో రాస్తుంది. అది డిస్కు మీద పడ్డాకే “అయింది” అని గుమాస్తాకు చెబుతుంది. ఆవర్జాలోకి దించడం తర్వాత తీరిగ్గా చేసుకుంటుంది. మేం వాడే పోస్ట్‌గ్రెస్ డేటాబేస్‌లో ఈ చిట్టా 16 ఎంబీల చొప్పున ఫైళ్లుగా పెరుగుతూ, పని అయిపోయిన ఫైళ్లు తొలగిపోతూ ఉంటుంది.

అసలు సర్వర్‌కు తోడు ఒక నకలు సర్వర్ ఉంటుంది. అది ఇదే చిట్టాను చదువుకుంటూ తన పుస్తకాలు తాజాగా ఉంచుకుంటుంది. నకలు ఇంకా చదవని పేజీలను అసలు సర్వర్ చించేయదు, దాని కోసం అట్టే పెడుతుంది. ఆ వారం మంగళవారం సాయంత్రం రెంటి మధ్యా లంకె తెగింది. ఎవరూ గమనించలేదు. అసలు సర్వర్ మాత్రం నమ్మకంగా పేజీలు దాస్తూ పోయింది. గురువారం రాత్రి డే ఎండ్, అంటే ఆనాటి లెక్కలు ముగించి మర్నాటి తేదీ తెరిచే పని, నడుస్తుండగా 100 జీబీల డిస్కు నిండిపోయింది. చిట్టాలో రాయడానికి చోటు లేకపోతే డేటాబేస్ కొత్త లావాదేవీ తీసుకోదు, తనను తానే ఆపేసుకుంటుంది. లాగ్‌లో పడిన వరస ఇది:

```
2024-03-14 18:18:07.412 UTC [2217] PANIC:  could not write to file "pg_wal/xlogtemp.2217": No space left on device
```

తర్వాతి కథ పొట్టిదే. కుర్రాడు 12:20కి లాగిన్ అయ్యాడు. 1:25కి డిస్కును 200 జీబీలకు పెంచాడు. 1:40కి డేటాబేస్‌ను మళ్లీ మొదలుపెట్టాడు. అది చిట్టా తిరగేసి, ఆవర్జాలోకి దించకుండా మిగిలినవి దించుకుని, 1:52కి లేచింది. 2:02కి నకలు సర్వర్ కోసం పేజీలు దాచమని చెప్పే ఏర్పాటును తీసేశాడు. 2:10కి మెయిల్ పంపాడు.

గమనించాల్సిన సంగతి ఒకటుంది. చిట్టా పద్ధతిలోనే “అయింది” అని చెప్పినవన్నీ భద్రంగా ఉంటాయి. గురువారం బ్రాంచిల్లో వేసిన ఒక్క ఎంట్రీ కూడా పోలేదు. మళ్లీ వేయాల్సిన అవసరం ఏ బ్రాంచికీ లేదు.

రాలిపోయిన మూడు అక్షరాలు

లాగ్ వరసను ఇంకోసారి చూడండి. వేళ పక్కన UTC అని ఉంది. సర్వర్లు ఏ దేశంలో ఉన్నా ఒకే కాలమానంలో రాసుకునేలా పెట్టడం మామూలు. భారత కాలమానం దానికి అయిదున్నర గంటలు ముందుంటుంది. 18:18కి అయిదున్నర కలిపితే మన గడియారంలో రాత్రి 11:48. కుర్రాడు అంకెలు తెచ్చుకున్నాడు, పక్కనున్న మూడు అక్షరాలు లాగ్‌లోనే వదిలేశాడు.

అవి ఉంటే మేనేజరు గారు కనీసం “ఇదేమిటి?” అని అడిగేవారు. లేకపోవడంతో 18:18 అంటే రైల్వే టైమ్ అనుకున్నారు. సాయంత్రం ఆరూ పద్దెనిమిది. సరిగ్గా ఆ వేళకే రోజువారీ డిపాజిట్ ఏజెంట్లు ఊరంతా తిరిగి వచ్చి బ్రాంచిలో జమ చేస్తారు. ఆరూ పద్దెనిమిది నుంచి ఎనిమిది దాకా 43 రసీదులు. మెయిల్ ఏమంటోంది? “అంతకుముందు చేసినవి పోవు, తర్వాతవి మళ్లీ చేయాలి.” ఆయన చేసింది మెయిల్ చెప్పినట్టే. ఏజెంట్లను పిలిపించి స్లిప్పులు ఏరించారు.

కుర్రాడి మనసులో ఉన్న “తర్వాతవి” వేరు. 11:48 నుంచి 1:52 దాకా ఎవరైనా మొబైల్ యాప్‌లో డబ్బు పంపబోతే అది తీసుకోలేదు, వాళ్లు మళ్లీ పంపుకోవాలి. ఆ రెండు గంటల నాలుగు నిమిషాల గురించే అతని మాట. బ్రాంచిలు అప్పటికి మూసి నాలుగు గంటలైంది కాబట్టి ఆ మాట బ్రాంచిలకు తగులుతుందని అతనికి తోచనే లేదు.

అంతరాయం మెయిల్లో అన్నిటికంటే ఎక్కువ పని చేసేది ఈ ‘నుంచి–దాకా’. గిట్‌ల్యాబ్ సంస్థలో 2017 జనవరి 31న ఒక ఇంజనీరు నకలు సర్వర్ అనుకుని అసలు సర్వర్‌లోనే డేటాబేస్ ఫైళ్లు చెరిపేశారు. తర్వాత ఆ సంస్థ ప్రకటించిన నివేదికలో పోయిన డేటా హద్దును స్పష్టంగా చెప్పింది: యూటీసీ ప్రకారం 17:20 నుంచి 00:00 వరకు. హైదరాబాద్‌లో కూర్చున్న వాడుకరి దాన్ని పట్టుకుని అయిదున్నర కలుపుకుంటే జనవరి 31 రాత్రి 10:50 నుంచి ఫిబ్రవరి 1 తెల్లవారుజామున 5:30 అని తేలుతుంది. తేదీ కూడా మారిపోయింది చూశారా! కాలమానం పేరు అక్కడ ఉంది కాబట్టే ఈ లెక్క సాధ్యమైంది. లేకపోతే జనవరి 31 సాయంత్రం అయిదున్నరకు తాను రాసింది పోయిందని వెతుక్కునేవాడు, ఫిబ్రవరి 1 తెల్లవారుజామున రాసింది నిజంగా పోయిందని తెలిసేది కాదు.

‘లేస్తుంది’లో మూడు కాలాలు

ఇక క్రియల సంగతి. “డేటాబేస్ లేస్తుంది” అన్న వాక్యాన్ని ముగ్గురు మేనేజర్లకు చదివి వినిపించి అడిగాను. ఒకరు “లేవబోతోంది” అన్నారు. ఇంకొకరు “లేస్తూ ఉంది, సగం దారిలో ఉంది” అన్నారు. మూడో ఆయన నవ్వి, “పడినా లేస్తుందిలే, దాని అలవాటే అంత అని ధైర్యం చెప్పారనుకున్నాను” అన్నారు. ముగ్గురికీ తెలుగు బాగా వచ్చు. ముగ్గురూ సరిగ్గానే చదివారు.

బళ్లో మనకు భూత, వర్తమాన, భవిష్యత్ కాలాలతో పాటు తద్ధర్మ కాలమని ఇంకొకటి చెబుతారు. ఏ కాలానికైనా చెల్లే స్వభావాన్ని చెప్పేది అది. సూర్యుడు తూర్పున ఉదయిస్తాడు, పక్షులు ఎగురుతాయి. చిక్కేమిటంటే వాడుక తెలుగులో తద్ధర్మానికీ భవిష్యత్తుకూ రూపం ఒకటే. “బస్సు ఆరింటికి వస్తుంది” అంటే రోజూ వచ్చే బస్సూ కావచ్చు, ఇవాళ రాబోయే బస్సూ కావచ్చు. దీనికి తోడు, జరుగుతున్న పనికి వాడాల్సిన ‘వస్తోంది’ని చాలామంది ‘వస్తుంది’ అనే అంటారు, అలాగే రాస్తారు. “బయట వర్షం పడుతుంది, గొడుగు తీసుకెళ్లు” అన్నప్పుడు వాన ఇప్పుడు పడుతున్నట్టే. అలా ఒకే తోక మూడు పనులు చేస్తోంది. ఎదురుగా నిలబడి మాట్లాడేటప్పుడు కిటికీలోంచి వాన కనబడుతుంది కాబట్టి ఇబ్బంది లేదు. సర్వర్‌కు కిటికీ లేదు.

నిజానికి ఈ మూడు అర్థాల్లో ఏదీ సరైనది కాదు. మెయిల్ వెళ్లేసరికి డేటాబేస్ లేచి పద్దెనిమిది నిమిషాలైంది! “మరి లేస్తుంది అని ఎందుకు రాశావు?” అని కుర్రాణ్ని అడిగాను. తల గోక్కున్నాడు.

“అక్కా, స్టార్ట్ కొట్టగానే మెయిల్ రాయడం మొదలుపెట్టాను. అది లేచేలోపు మిగతాది రాద్దామనుకున్నాను. తర్వాత పనిలో పడిపోయి, రెండూ పదికి వచ్చి కింది వాక్యాలు పూర్తి చేసి పంపేశాను.”

అంటే ఆ వాక్యం పుట్టింది 1:41కి. పుట్టినప్పుడు నిజమే. పంపినప్పుడు కాదు. నాకు అప్పుడు తీగ దొరికింది. “మరి, డిస్కు నిండిపోతుంది?” అది 12:40కి చాట్‌లో సహోద్యోగికి రాసిన ముక్క, అక్కణ్నుంచి కాపీ చేశాడు. “ఇప్పుడు స్పేస్ పెంచాం” 1:25 నాటి మాట. 18:18 లాగ్ నుంచి వచ్చింది. చివరి రెండు వాక్యాలు మాత్రమే 2:10వి.

తొందరలో రాసిన మెయిల్లో క్రియలు అటూ ఇటూ గెంతడానికి కారణం వ్యాకరణం రాకపోవడం అనుకుంటాం. చాలాసార్లు అది కాదు. ఒక్కో వాక్యం ఒక్కో వేళలో పుట్టింది, ఒక్కోటి తన ‘ఇప్పుడు’ను వెంటబెట్టుకుని వచ్చింది. బొంతలో గుడ్డముక్కల్లా అన్నీ ఒకచోట కుట్టేసరికి, చదివేవాడికి ఒకే మెయిల్లో నాలుగు ‘ఇప్పుడు’లు తగిలాయి.

భూతకాలంలోనూ ఒక మెలిక ఉంది. “కరెంటు పోయింది” అని చీకట్లో నిలబడి అరిస్తే ఇంకా రాలేదనే అర్థం. అదే మాట కాగితం మీద రాసి తలుపుకు తగిలించి వెళ్లిపోతే, సాయంత్రం వచ్చి చదివినవాడికి ఏం తెలుస్తుంది? పోయిందన్నది నిజం, తిరిగి వచ్చిందో లేదో తెలియదు. “డే ఎండ్ కూడా ఆగింది” అన్నదీ అలాంటిదే. ‘ఆగింది’ ఒక సంఘటన. ‘ఆగి ఉంది’ ఒక స్థితి. మేనేజరుకు కావాల్సింది రెండోది, ఎందుకంటే డే ఎండ్ పూర్తికాకుండా శుక్రవారం తేదీ తెరుచుకోదు, తేదీ తెరుచుకోకుండా కౌంటరు తెరిచి లాభం లేదు.

ఎవరి రేపు?

శనివారం రమ్మని కాగితం అంటించిన మేనేజరు గారిది ఇంకో కథ. ఆయన మెయిల్ తెరవలేదు. ఎవరో దాన్ని ఫోటో తీసి వాట్సాప్ గ్రూపులో పెట్టారు. ఫోటోలో విషయం వరస నుంచి కిందికి వచ్చింది, పైనున్న పంపిన వేళ తెగిపోయింది. ఆయన శుక్రవారం ఉదయం ఏడున్నరకు చూశారు. “రేపు ఉదయం 10 లోపు.” శుక్రవారం చదివిన రేపు శనివారమే కదా!

కుర్రాడి లెక్క వేరు. అతను నిద్రపోలేదు. నిద్రపోనివాడికి రోజు మారదు. కంప్యూటర్ గడియారం శుక్రవారం 2:10 చూపిస్తున్నా అతనికది ఇంకా గురువారం రాత్రే, తెల్లారితే వచ్చేది రేపు. మన ఇళ్లలోనూ అంతే. పంచాంగం ప్రకారం వారం మారేది సూర్యోదయానికి. అర్ధరాత్రి దాటాక పుట్టిన బిడ్డను “గురువారం రాత్రి రెండింటికి పుట్టాడు” అనే తాతమ్మలున్నారు. ఆసుపత్రి కాగితంలో మాత్రం శుక్రవారం తేదీ ఉంటుంది. రెండూ తప్పు కాదు, రెండు లెక్కలు. మెయిల్లో ఏ లెక్క వాడామో చెప్పకపోవడమే తప్పు.

‘ఇంకో గంటలో’కీ అదే గతి పట్టింది. రెండూ పదికి రాసినవాడికి మూడూ పది. ఏడున్నరకు చదివినవాడికి ఎనిమిదిన్నర. ఎనిమిదిన్నరకు ఏమీ రాకపోయేసరికి ఆయన “వీళ్లింకా అవస్థ పడుతున్నారు” అనుకుని కాగితం మీద శనివారం అని ఖాయం చేశారు. నిజానికి డే ఎండ్ తెల్లవారుజామున 5:50కే ముగిసింది. ఆయన సిస్టమ్ తెరిచి చూసి ఉంటే పనిచేసేది.

ఇప్పుడు, కాసేపట్లో, ఇందాక, రేపు, ఇంకో గంటలో. ఈ మాటలన్నీ చెప్పేవాడి దగ్గర నిలబడి చేయి చాపి చూపించేవి. చెప్పేవాడెక్కడ నిలబడ్డాడో తెలియకపోతే చేయి ఎటు చూపిస్తోందో తెలియదు.

దిద్దడం కాదు, అడగడం

ఆ ఉదయం నేను చేయబోయి ఆగిన ఒక పని చెప్పాలి. “డిస్కు నిండిపోతుంది” దగ్గరికి రాగానే చేయి దానంతటదే ‘నిండిపోయింది’ అని దిద్దబోయింది. వాక్యం చక్కగా ఒదుగుతుంది, పక్కనున్న భూతకాలంతో కలిసిపోతుంది. కానీ అది నిజమేనా? నకలు సర్వర్ కోసం పేజీలు దాచే ఏర్పాటు ఇంకా ఉండి ఉంటే, పెంచిన డిస్కు కూడా నిండుతూనే ఉండేది. ఈసారి కొంచెం ఆలస్యంగా నిండేది, అంతే. అప్పుడు ‘నిండిపోయింది’ అని రాస్తే ప్రమాదం దాటినట్టు అబద్ధం చెప్పినట్టయ్యేది. ఒక క్రియ తోక మార్చడానికి నేను సర్వర్‌ను చూసినవాణ్ని అడగాలి.

అందుకే ముందు ప్రశ్నలు రాసుకున్నాను. డేటాబేస్ ఆగింది మన గడియారంలో ఎప్పుడు? మెయిల్ పంపే నిమిషానికి అది పనిచేస్తోందా, పనిచేస్తోందని ఎలా తెలుసు? డిస్కు ఇంకా నిండుతోందా? మళ్లీ చేయాల్సినవి ఏవి, ఎప్పటి నుంచి ఎప్పటి దాకా, ఎవరు చేయాలి? డే ఎండ్ ఏ స్థితిలో ఉంది? పది గంటలన్నది ఎక్కడిది?

చివరి ప్రశ్నకు జవాబు ఆసక్తిగా ఉంది. “డే ఎండ్‌కి మూడు గంటలు, పైన కొంచెం పడుతుంది. రెండున్నరకు మొదలుపెడితే ఆరుకల్లా అయిపోతుంది. ఏదైనా తేడా వస్తే ఇంకోసారి నడపడానికి టైమ్ ఉండాలి కదా అని పది అన్నాను” అన్నాడు. మంచి ఆలోచన. కానీ మెయిల్లో అది ఆలోచనలా కాకుండా మాట ఇచ్చినట్టు ఉంది. అంచనాకీ మాటకీ తెలుగులో క్రియారూపం ఒకటే కాబట్టి, అంచనా అన్న మాటను విడిగా రాయాలి.

అతని జవాబులతో, 2:10కి వెళ్లాల్సిన మెయిల్ ఇలా తయారైంది:

> విషయం: డేటాబేస్ పనిచేస్తోంది, డే ఎండ్ పూర్తి కాలేదు – మార్చి 15, తెల్లవారుజామున 2:10 నాటి స్థితి
>
> ఇందులోని వేళలన్నీ భారత కాలమానంలో ఉన్నాయి.
>
> మీరు చేయాల్సింది: గురువారం (మార్చి 14) బ్రాంచిలో వేసిన ఏ ఎంట్రీనీ మళ్లీ వేయొద్దు. అన్నీ భద్రంగా ఉన్నాయి.
>
> జరిగింది: మార్చి 14, గురువారం రాత్రి 11:48కి డిస్కు నిండిపోయి డేటాబేస్ ఆగిపోయింది. మార్చి 15, శుక్రవారం తెల్లవారుజామున 1:25కి డిస్కులో చోటు పెంచాం. 1:52కి డేటాబేస్ లేచింది. డిస్కు నిండడానికి కారణమైన ఏర్పాటును 2:02కి తీసేశాం.
>
> 2:10కి ఉన్న స్థితి: డేటాబేస్ పనిచేస్తోంది. 2:05కి పరీక్ష ఎంట్రీ వేసి చూశాం. డిస్కు ఇక నిండడం లేదు. డే ఎండ్ సగంలో ఆగి ఉంది.
>
> దెబ్బతిన్నవి: గురువారం రాత్రి 11:48 నుంచి శుక్రవారం తెల్లవారుజామున 1:52 వరకు మొబైల్ యాప్ బదిలీలు తీసుకోలేదు. ఆ వేళలో ప్రయత్నించిన ఖాతాదారులు మళ్లీ పంపుకోవాలి.
>
> చేయబోయేది: 2:30కి డే ఎండ్ మళ్లీ మొదలుపెడతాం. శుక్రవారం (మార్చి 15) ఉదయం 6కల్లా ముగుస్తుందని అంచనా. మధ్యలో ఆగితే మరోసారి నడపాల్సి ఉంటుంది, అప్పుడు ఉదయం 10 కావచ్చు.
>
> తర్వాతి అప్‌డేట్: శుక్రవారం ఉదయం 6:15కి, డే ఎండ్ ముగిసినా ముగియకపోయినా.

ఇది పాతదానికంటే పొడవే. కానీ ఏడున్నరకు వాట్సాప్‌లో ఫోటోగా చూసినా, వారం తర్వాత ఆడిటర్ చూసినా ఒకే అర్థం వస్తుంది. ‘ఇప్పుడు’ అన్న మాట ఒక్కచోట కూడా లేదు. దాని బదులు 2:10 ఉంది, అదీ విషయం వరసలోనే. క్రియలు మూడు గదుల్లో కుదురుకున్నాయి. జరిగిన గదిలో ఆగిపోయింది, పెంచాం, లేచింది. స్థితి గదిలో పనిచేస్తోంది, నిండడం లేదు, ఆగి ఉంది. రాబోయే గదిలో మొదలుపెడతాం, ముగుస్తుంది, పక్కనే అంచనా. ఒక గదిలో క్రియ ఇంకో గదిలోకి దూరితే కంటికి వెంటనే తగులుతుంది. రాత్రి రెండింటికి రాసేవాడు వ్యాకరణం గుర్తు తెచ్చుకోనక్కర్లేదు, గదులు గుర్తుంటే చాలు.

చివరి వరస గురించి ఒక మాట. సమస్య ఎప్పుడు తీరుతుందన్నది ఇంజనీరు చేతుల్లో పూర్తిగా ఉండదు. తర్వాతి కబురు ఎప్పుడు పంపుతాడన్నది పూర్తిగా అతని చేతుల్లోనే ఉంటుంది. మొదటిది అంచనాగా, రెండోది మాటగా రాయాలి. కుర్రాడి మెయిల్లో ఇవి తలకిందులయ్యాయి. పది గంటలకు అన్నీ పనిచేస్తాయని మాట ఇచ్చాడు, ఇస్తానన్న అప్‌డేట్ ఇవ్వలేదు.

ఇదంతా మేం కూర్చుని రాసుకున్న నమూనా. ఆ ఉదయం బ్రాంచిలకు నిజంగా వెళ్లింది ఇంకో చిన్న మెయిల్. పాతదాన్ని చెరిపేసి కొత్తది పంపితే రెండూ చేతిలో ఉన్నవాళ్లు దేన్ని నమ్మాలో తెలియక ఇంకా చెడతారు. అందుకని, “తెల్లవారుజామున 2:10కి పంపిన మెయిల్లో 18:18 అన్నది తప్పు. అది గురువారం రాత్రి 11:48. సాయంత్రం వేసిన ఎంట్రీలను మళ్లీ వేయొద్దు. ఇప్పటికే వేసి ఉంటే మాకు ఫోన్ చేయండి” అని మొదలుపెట్టాం. రాసేశాక నేనే చదువుకుని ‘ఇప్పటికే’ కొట్టేసి ‘ఈ ఉదయం’ అని పెట్టాను. రెండుసార్లు పడిన పదకొండు ఎంట్రీలను మేనేజరు గారి అనుమతితో ఒక్కొక్కటిగా వెనక్కి తిప్పేసరికి మధ్యాహ్నమైంది.

కొన్ని వారాల తర్వాత ఒక రాత్రి ఒంటిగంట దాటాక కుర్రాడు ఫోన్ చేశాడు.

“అక్కా, నిద్ర లేపానా? ఇంకో సర్వర్ పడింది. మెయిల్ రాస్తున్నాను. ‘లేచింది’ అని పెట్టనా, ‘పనిచేస్తోంది’ అని పెట్టనా?”

“నువ్వేం చూశావు?”

“లేవడం చూశాను. ఎంట్రీ వేసి చూడలేదు.”

“అయితే చూసిందే రాయి.”

అవతల కాసేపు కీబోర్డు చప్పుడు. “ఒక్క నిమిషం అక్కా, ఎంట్రీ వేసి చూస్తాను,” అన్నాడు. తర్వాత నిశ్శబ్దం. తర్వాత సన్నగా ఒక తిట్టు. సర్వర్ లేచింది, ఎంట్రీ మాత్రం పడటం లేదు.